నల్ అండ్ వాయిడ్: జంట మాటల్లో ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు

ప్రశ్న: సార్, సివిల్ సైడ్ ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. పాత డ్రాఫ్టులు శుభ్రం చేసే పని నాకిచ్చారు. ఇంగ్లీషు అగ్రిమెంట్లలో ‘నల్ అండ్ వాయిడ్’, ‘ఇండెమ్నిఫై అండ్ హోల్డ్ హార్మ్‌లెస్’, తెలుగు దస్తావేజుల్లో ‘రద్దయి, చెల్లక, శూన్యమై’, ‘హక్కు భుక్తములు’ లాంటివి అడుగడుగునా ఉన్నాయి. ఒకే అర్థం ఉన్న మాటల్లో ఒకటి ఉంచి మిగతావి కొట్టేస్తే లీగల్‌గా ఏమైనా తేడా వస్తుందా? మా సీనియర్ గారు వద్దనరు గానీ, ‘ఏ మాట ఎందుకు తీశావో చెప్పగలగాలి’ అంటున్నారు.

జవాబు:

‘నల్ అండ్ వాయిడ్’ సంగతి ముందు తేల్చేద్దాం. ‘నల్’ కొట్టేయండి, ‘వాయిడ్’ ఉంచండి. ఏమీ కాదు. కాంట్రాక్ట్ చట్టం 1872లో సెక్షన్ 2(జి) చూడండి. చట్టం ద్వారా అమలు చేయించుకోలేని ఒప్పందం వాయిడ్ అని ఒక్క మాటతో సరిపెట్టింది. రాజ్యాంగం 13వ అధికరణ ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలను కొట్టిపారేసేటప్పుడు కూడా ‘వాయిడ్’ అనే అంది. శాసనసభ చేసిన చట్టాన్ని పడగొట్టడానికి చాలిన మాట, మీ క్లయింటు అగ్రిమెంటులో ఒక క్లాజుకు చాలదా? హిందూ వివాహ చట్టం సెక్షన్ 11లో మాత్రం ‘నల్ అండ్ వాయిడ్’ అనే జంట ఉంది. అలాగని అక్కడ ‘నల్’కి వేరే ఫలితమేమీ లేదు. ఆ చట్టంలో అసలు తేడా సెక్షన్ 11కీ 12కీ మధ్య ఉంది. మొదటిది వాయిడ్, రెండోది వాయిడబుల్.

చూసుకోవలసిన గీత కూడా అదే. వాయిడ్ అంటే ఎవరూ ఏమీ చేయకపోయినా చెల్లనిది. వాయిడబుల్ అంటే ఒక పక్షానికి ఇష్టమైతే చెల్లకుండా చేయగలిగేది, ఆ పక్షం ఊరుకుంటే చెల్లేది. ‘నల్’ని ఎన్నిసార్లు చేర్చినా వాయిడబుల్ అయినది వాయిడ్ కాదు, ఎన్నిసార్లు తీసినా వాయిడ్ అయినది వాయిడబుల్ కాదు. కాబట్టి ఆ మాట బరువు సున్నా.

అదే వరుసలో చాలాసార్లు కలిసి వచ్చే ‘ఆదినుంచీ’ అనే ముక్కను మాత్రం అంత తేలిగ్గా తీయకండి. మొదటినుంచీ చెల్లని ఒప్పందం వేరు, సెక్షన్ 2(జె) చెప్పే, కొంతకాలం చెల్లి తర్వాత వాయిడ్ అయ్యే కాంట్రాక్టు వేరు. అనుమతి లేకుండా జరిగిన బదిలీ ఎప్పుడూ జరగనట్టే లెక్క అని మీ క్లాజు ఉద్దేశం అయితే, ‘ఆదినుంచీ’ అక్కడ పనిచేస్తోంది. ‘ఎట్టి చెల్లుబాటు గాని, ప్రభావం గాని లేనిది’ అన్న తోక మాత్రం నిక్షేపంగా కత్తిరించొచ్చు.

ఇక మిగతా జంటల దగ్గరకు. ఒకే అర్థం ఉందా లేదా అని నిఘంటువు తీసి చూస్తే తెలియదు. నేను జూనియర్లకు చెప్పే పద్ధతి ఒకటే. తీయబోయే మాటకు మాత్రమే తగిలి, ఉంచబోయే మాటకు తగలని ఒక సంఘటన ఊహించండి. అటువంటిది దొరికితే ఆ సంఘటన జరిగినప్పుడు మీ కక్షిదారుకు ఏ ఉపశమనం పోతుందో చూడండి. ఏమీ పోకపోతే మాట తీసేయొచ్చు. ఏదైనా పోతే అది జంట మాట కాదు, జంటలా కనిపించే రెండు పనులు. ఎంత ఆలోచించినా అటువంటి సంఘటన దొరకలేదంటే, ఆ మాటను ఏదైనా చట్టం తన పరీక్షలో వాడుకుందేమో చివరిగా చూడండి. చాలామంది చేయని పని ఇదే. దెబ్బ తగిలేదీ ఇక్కడే. ఒక షాపు లీజు తీసుకుని పూర్తిగా చూద్దాం.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక షాపు, ఐదేళ్ల రిజిస్టర్డ్ లీజు అనుకోండి. పాత డ్రాఫ్టులో ఇలా ఉంటుంది:

“లీజుదారు వరుసగా మూడు నెలలు అద్దె చెల్లించకపోయిన యెడల ఈ లీజు దస్తావేజు రద్దయి, చెల్లక, శూన్యమై, నిరర్థకమై పోవును. అంతట యజమాని షెడ్యూలు ఆస్తిలో పునఃప్రవేశము చేసి, స్వాధీనము పొంది, తిరిగి తీసుకొని, తన ఇష్టానుసారము అనుభవించుటకు సర్వహక్కులు, సర్వాధికారములు కలిగియుండును. ఇందుకు లీజుదారు గాని, ఆయన వారసులు, ప్రతినిధులు, అసైనీలు గాని ఎట్టి ఆక్షేపణ, అభ్యంతరము, తగాదా చేయరాదు.”

శుభ్రం చేయాలన్న ఉత్సాహం ఉన్న కుర్రాడు దీన్ని ఇలా తగ్గిస్తాడు: “వరుసగా మూడు నెలలు అద్దె చెల్లించకపోతే ఈ లీజు చెల్లదు.” అతని తర్కం కూడా వినడానికి బాగానే ఉంటుంది. లీజే చెల్లనప్పుడు లీజుదారుకు షాపులో ఉండే హక్కు లేదు, యజమాని లోపలికి వెళ్లొచ్చని వేరే చెప్పాలా?

చెప్పాలి. ఆస్తి బదిలీ చట్టం 1882లో సెక్షన్ 111(జి) ప్రకారం షరతు ఉల్లంఘన వల్ల లీజు పోవాలంటే, అంటే మనం ఫర్ఫీచర్ అనేది జరగాలంటే, ఆ షరతులోనే ‘ఉల్లంఘిస్తే యజమాని పునఃప్రవేశించవచ్చు’ అని స్పష్టంగా ఉండాలి. దాంతోపాటు లీజు ముగించే ఉద్దేశంతో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. 1882 నాటి మూల పాఠంలో ‘పునఃప్రవేశించవచ్చు, లేదా లీజు వాయిడ్ అవుతుంది’ అని రెండూ ఉండేవి. దస్తావేజులో ఏది ఉన్నా సరిపోయేది. 1929 సవరణ చట్టం ఆ రెండో ముక్కను తొలగించింది. అంటే మన కుర్రాడు ఉంచిన మాట చట్టసభ పెన్సిల్ ఎప్పుడో కొట్టేసినది, అతను కొట్టేసిన మాట చట్టం ఏరికోరి ఉంచినది. ఫలితం ఏమిటంటే లీజుదారు అద్దె ఎగ్గొట్టినా, సెక్షన్ 111(జి) దారి మూసుకుపోతుంది. యజమాని బకాయి కోసం దావా వేసుకోవచ్చు గానీ, అదే కారణం మీద గడువుకు ముందే షాపు ఖాళీ చేయించడం కష్టం. పాత డ్రాఫ్టులో అన్ని మాటలున్నా కాపాడింది ‘పునఃప్రవేశము’ అన్న ఒక్కటే.

ఇప్పుడు ఆ మొదటి నాలుగు మాటలు చూడండి. రద్దయి, చెల్లక, శూన్యమై, నిరర్థకమై. చివరి మూడూ ఒకటే. కానీ ‘రద్దయి’కీ వాటికీ తేడా ఉంది. ఆ రోజు నుంచి లీజు ముగిస్తే అప్పటిదాకా పేరుకున్న అద్దె, డిపాజిట్ లెక్క, రిపేరు బాధ్యత అన్నీ నిలబడతాయి. శూన్యమంటే అవతలి వకీలు ‘అసలు లీజే లేదంటున్నారు గదా, ఏ లీజు కింద అద్దె అడుగుతున్నారు?’ అని ఒక పేచీ పెట్టడానికి వీలు. ఆ పేచీ నిలవదు, కానీ దానికి జవాబు చెప్పడానికి వాయిదాలు పోతాయి. అంటే ఇక్కడ జంట పనికిమాలినది మాత్రమే కాదు, రెండు వేరు ఫలితాలను ఒకే గాటన కట్టింది. ఏది కావాలో మీరు ఎంచుకోవాలి. లీజులో కావలసింది ముగింపు.

ఇంకో చిక్కు. ‘లీజు దానంతటదే శూన్యమగును’ అన్నది అక్షరాలా తీసుకుంటే, అద్దె ఎగ్గొట్టిన లీజుదారే ‘లీజు పోయింది, మిగతా కాలానికి నాకు బాధ్యత లేదు’ అని బయటపడొచ్చు. కోర్టులు దీన్ని సాగనివ్వవు. తన తప్పు వల్ల వచ్చిన ఫలితాన్ని తనకే లాభంగా వాడుకోకూడదన్న సూత్రం న్యూజిలాండ్ షిప్పింగ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి చర్చకు వచ్చింది. అందుకే అటువంటి క్లాజుల్లో ‘వాయిడ్’ని తప్పు చేయని పక్షానికి ఇష్టమైతే ముగించుకోవచ్చు అన్న అర్థంలో చదువుతారు. కోర్టు ఎలాగూ అలా చదివేదాన్ని మీరే అలా రాస్తే పోదా?

నేనైతే ఇలా రాస్తాను:

“లీజుదారు వరుసగా మూడు నెలలు అద్దె చెల్లించకపోతే, యజమాని లిఖితపూర్వక నోటీసు ఇచ్చి ఈ లీజును ముగించి, షెడ్యూలు ఆస్తిలో పునఃప్రవేశించి స్వాధీనం పొందవచ్చు. ముగింపు తేదీ వరకు చెల్లించవలసిన అద్దెపై యజమాని హక్కు కొనసాగుతుంది.”

‘తిరిగి తీసుకొని’, ‘ఇష్టానుసారము అనుభవించుటకు’, ‘సర్వహక్కులు, సర్వాధికారములు’ పోయాయి. స్వాధీనం చేతికి వచ్చిన యజమాని తన షాపును అనుభవించడానికి లీజు దస్తావేజు అనుమతి అక్కర్లేదు. ‘ఆక్షేపణ, అభ్యంతరము, తగాదా చేయరాదు’ కూడా పోయింది. అది ఉన్నంతమాత్రాన లీజుదారును కోర్టుకు పోకుండా ఎవరూ ఆపలేరు. సెక్షన్ 114 కింద బకాయి, వడ్డీ, ఖర్చులతో కట్టేసి ఫర్ఫీచర్ నుంచి ఉపశమనం అడిగే అవకాశం చట్టమే ఇచ్చింది. అన్నట్టు, దస్తావేజులో ‘పునఃప్రవేశించవచ్చు’ అని ఉంది కదా అని తాళం పగలగొట్టి లోపలికి వెళ్లమని కాదు. కాగితం మీద ఆ హక్కు ఉంటే దావా నిలుస్తుంది, అంతే. బలవంతంగా ఖాళీ చేయిస్తే లీజుదారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ లోపలికి వస్తాడు. రెంట్ కంట్రోల్ చట్టం వర్తించే భవనమైతే ఖాళీ చేయించే కారణాలు ఆ చట్టంలోంచే రావాలి, అది వేరే సంగతి.

వారసులు, ప్రతినిధులు, అసైనీల దగ్గర కాసేపు ఆగాలి. ఈ మూడూ ఒక గుంపులా కనిపిస్తాయి. వారసులు, ప్రతినిధులు తీసేయొచ్చు, ఎందుకంటే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 37 వాగ్దానం చేసినవాడు చనిపోతే ఆ వాగ్దానం అతని ప్రతినిధులను కట్టిపడేస్తుందని చెప్పేసింది, ఒప్పందంలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప. అసైనీ గురించి ఆ సెక్షన్ మాట్లాడదు. పైగా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(జె) ప్రకారం, ఒప్పందం వద్దనకపోతే లీజుదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. కాబట్టి ‘అసైనీలు’ అన్న మాటను ఇక్కడ కొట్టేస్తే, బదిలీకి అనుమతి కావాలా, బదిలీ పొందినవాడు ఈ షరతులకు కట్టుబడతాడా అన్నది వేరే క్లాజులో చెప్పి తీరాలి. మాట పోలేదు, చోటు మారింది.

తెలుగు దస్తావేజుల మాటకొస్తే ఇంగ్లీషు వాటికంటే ఇవి రుచిగా ఉంటాయి, చిక్కుగానూ ఉంటాయి. ఇంగ్లండులో నార్మన్ల తర్వాత ఫ్రెంచి, ఇంగ్లీషు, లాటిన్ కలిసి జంటలు పుట్టినట్టే, మన దగ్గర పారశీకం, సంస్కృతం, తెలుగు కలిసి పుట్టాయి. ‘హక్కు భుక్తములు’ చూడండి. హక్కు అరబ్బీ మూలం, పారశీకం మీదుగా వచ్చింది. భుక్తం సంస్కృతం. రెండు భాషల్లో ఒకే విషయం చెప్పినట్టే ఉంది గదా? కాదు. హక్కు అంటే టైటిల్, భుక్తం అంటే అనుభవంలో ఉండటం. ‘నాకు సంపూర్ణ హక్కు భుక్తములు కలిగిన ఆస్తి’ అని అమ్మేవాడు రాస్తే, ఆస్తి నాది, నా స్వాధీనంలోనే ఉంది అని రెండు విషయాలు చెబుతున్నాడు. పొలం పదేళ్లుగా వేరేవాడి సాగులో ఉంటే మొదటిది నిజమై రెండోది అబద్ధమవుతుంది. ‘భుక్తములు’ కొట్టేస్తే కొనేవాడు ఆ రెండో ప్రకటన పోగొట్టుకుంటాడు. ఆధునికంగా కావాలంటే ‘ఈ ఆస్తి నా సొంతం, ప్రస్తుతం నా స్వాధీనంలో ఉంది’ అని రాయండి. పొడుగు పెరిగినా అర్థం తేలింది.

స్వాధీనం విషయంలో ఇంకా జాగ్రత్త ఉండవలసింది విక్రయ అగ్రిమెంట్లలో. మన రెండు రాష్ట్రాలకూ వచ్చిన స్టాంపు చట్టం షెడ్యూలు 1-ఎలో, ఆర్టికల్ 47-ఎ వివరణ ప్రకారం, స్వాధీనం అప్పగించిన లేదా అప్పగించినట్టు తెలిపే విక్రయ అగ్రిమెంటుకు అమ్మకానికి పడినట్టే స్టాంపు పడుతుంది. ‘స్వాధీనపరచి, అప్పగించి, అనుభవంలో పెట్టి’ అన్న మూడు మాటల్లో రెండు తీసేస్తే ఏమీ కాదు, మూడోది మిగిలి ఉంటుంది. అదే ‘స్వాధీనం తర్వాత ఇస్తాం’ అన్న చోట, పొందిక కోసమని పాత డ్రాఫ్టులోంచి ఒక ‘అనుభవించుచు’ తెచ్చి అతికిస్తే, కోర్టులో ఆ కాగితం ఎగ్జిబిట్ చేయించబోయినప్పుడు అవతలివాళ్లు లేస్తారు. లోటు స్టాంపూ పెనాల్టీ కడితే గానీ కాగితం లోపలికి రాదు. తీసేటప్పుడే కాదు, అతికించేటప్పుడూ ఒక్క మాటకు రేటు ఉంటుంది.

పూర్తి విక్రయ దస్తావేజులో మాత్రం కత్తెరకు మంచి పని దొరుకుతుంది. ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజస్స్వామ్యములతో’ అన్నది శాసనాల కాలం నుంచి నడిచొచ్చిన వరుస. చదవడానికి నాకూ ఇష్టమే. కానీ ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 8 ఆ పని చేసిపెట్టింది. వేరే ఉద్దేశం కనిపించకపోతే, అమ్మేవాడు బదిలీ చేయగలిగిన మొత్తం హక్కు కొనేవాడికి అప్పటికప్పుడే వెళ్లిపోతుంది. భూమితోపాటు ఈజ్‌మెంట్లు, ఆపై వచ్చే అద్దెలు, ఫలసాయం, భూమికి అంటుకుని ఉన్నవన్నీ వెళ్తాయి. ఇల్లయితే తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీల దాకా ఆ సెక్షనే పేరుపెట్టి చెప్పింది. ఇక నిధి సంగతంటారా, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే. దస్తావేజులో ‘నిధి నిక్షేప’ ఉందని అది కొనేవాడి ఇనప్పెట్టెలోకి పోదు. అందుకే ఆ వరుసంతా తీసి, ‘ఈ ఆస్తిని, దానికి చెందిన అన్ని హక్కులతో అమ్మాను’ అని రాస్తే పోయేది లేదు. బోరు, మోటారు, మామిడి చెట్లు, దారి హక్కు లాంటివి ఉంటే మాత్రం పేరుపెట్టి రాయండి. ‘జల’ అన్న మాట కంటే ‘తూర్పు గట్టున ఉన్న బోరు, ఐదు హెచ్‌పీ మోటారు, దాని కరెంటు కనెక్షన్’ అన్నది వెయ్యి రెట్లు నయం.

‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’, ‘దాన విక్రయ వినిమయాది సర్వాధికారాలతో’ అన్నవీ విక్రయ దస్తావేజులో అనవసరమే. వారసత్వపు మాటలు లేకపోయినా పూర్తి హక్కే సంక్రమిస్తుందని 1872లో టాగోర్ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. దాన, విక్రయ, వినిమయాలు చట్టంలో మూడు వేర్వేరు లావాదేవీలే గానీ, పూర్తి యజమానికి ఆ మూడూ చేసే అధికారం ఎలాగూ ఉంది.

ఇవే మాటలు వీలునామాలోనో సెటిల్‌మెంట్ దస్తావేజులోనో కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. ‘నా భార్య తన జీవితాంతం అనుభవించి, తదనంతరం నా ఇద్దరు కుమారులు పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వాధికారాలతో అనుభవించగలరు’ అన్న వాక్యంలో ఆ మాటలు ఉత్త అలంకారం కాదు. భార్యకు ఇచ్చింది పరిమిత హక్కు, కొడుకులకు ఇచ్చింది పూర్తి హక్కు అన్న తేడాను అవే చూపిస్తున్నాయి. రెండు చోట్లా ‘అనుభవించగలరు’ అని సమానం చేసేస్తే తేడా చెరిగిపోతుంది. ఇండియన్ సక్సెషన్ చట్టం 1925 సెక్షన్ 95 ప్రకారం, వీలునామాలో పరిమిత హక్కు అన్న ఉద్దేశం కనిపించకపోతే ఆస్తి పొందినవారికి మొత్తం హక్కు వెళ్తుంది. ఆ ఉద్దేశం ఎక్కడ కనిపిస్తుంది? మీరు కొట్టేయాలనుకున్న మాటల్లోనే. ఇక ఆ భార్యకు ఆస్తి మనోవర్తి బదులు ఇచ్చారా, కొత్తగా ఇచ్చారా అన్నదాన్ని బట్టి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14(1), 14(2) గొడవ వేరే ఉంటుంది. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు మన తెలుగు నేల మీదే పుట్టింది. చదివి ఉండకపోతే ఈ ఆదివారం చదవండి. సెటిల్‌మెంట్ దస్తావేజు ముట్టుకునే ముందు అది చదివి ఉండాలి.

ఇంగ్లీషు అగ్రిమెంట్లలో మీరడిగిన ‘ఇండెమ్నిఫై అండ్ హోల్డ్ హార్మ్‌లెస్’ గురించి. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 124 ఇండెమ్నిటీని నష్టం నుంచి కాపాడతానన్న వాగ్దానంగా నిర్వచించింది. కాపాడటం అన్నదే ‘హోల్డ్ హార్మ్‌లెస్’ కాబట్టి, ఇండియా చట్టం వర్తించే అగ్రిమెంటులో రెండోది తీసినా నాకు నష్టం కనిపించదు. అగ్రిమెంటుకు అమెరికా చట్టం వర్తిస్తే ఆగండి. హైదరాబాదులో ఐటీ కంపెనీల కాగితాలు చూసేవారికి ఇది తరచు తగులుతుంది. డెలావేర్ కోర్టు 2006లో మజ్కోవ్‌స్కీ కేసులో ఈ రెంటినీ ఒకటిగానే చూసింది. కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2007లో క్వీన్ విల్లాస్ కేసులో ‘ఇండెమ్నిఫై’ నష్టం రాబట్టుకునే హక్కు, ‘హోల్డ్ హార్మ్‌లెస్’ తన మీదికి దావా రాకుండా కాచుకునే హక్కు అన్నట్టు విడదీసి మాట్లాడింది. ఒకే జంట, రెండు రాష్ట్రాలు, రెండు చదువులు. అవతలి పక్షం మీ కక్షిదారు మీద దావా వేయకూడదన్నదే అసలు ఉద్దేశమైతే, ఆ సంగతి వేరే వాక్యంగా రాయండి. ఇక ఆ వరుసలో ‘డిఫెండ్’ అన్న మూడో మాట ఉంటే అది జంటలో భాగమే కాదు. దావా వచ్చినప్పుడు వకీలును ఎవరు పెడతారు, కేసు ఎవరు నడిపిస్తారు అన్నది అందులో ఉంది. సెక్షన్ 125 ఖర్చులు రాబట్టుకోనిస్తుంది గానీ కేసు నడిపే బాధ్యతను ఎదుటివాడి నెత్తిన పెట్టదు.

మాట తీసేశాక అవతలి వకీలు ‘ఇంతకుముందు డ్రాఫ్టులో ఉంది, ఇప్పుడు తీసేశారంటే ఏదో వదులుకున్నారన్నమాట’ అంటాడేమోనన్న భయం మీలాంటివారికి ఉంటుంది. ప్రతి మాటకూ అర్థం ఉండాలన్న సూత్రం కోర్టులో వినిపిస్తారు. చట్టాలను చదివేటప్పుడు దానికి బలం ఎక్కువ. ప్రైవేటు కాగితాలకు వచ్చేసరికి పలచబడుతుంది. లార్డ్ హాఫ్‌మన్ 1998లో బోఫోర్ట్ డెవలప్‌మెంట్స్ కేసులో, లీగల్ కాగితాల్లో జనం అనవసరమైన మాటలు రాస్తూనే ఉంటారు కాబట్టి ఆ వాదన మీద పూర్తిగా ఆధారపడలేమన్న అర్థంలో చెప్పారు. అయితే ఒక చోట ఆ వాదనకు నిజంగా పదును వస్తుంది. అదే దస్తావేజులో నాలుగో పేరాలో ‘శూన్యం, చెల్లదు’ ఉంచి పదకొండో పేరాలో ‘చెల్లదు’ మాత్రం ఉంచితే, ఈ తేడా కావాలనే పెట్టారని వాదించడానికి సందు మీరే ఇచ్చినట్టు. కాబట్టి జంటను తీస్తే మొత్తం కాగితంలో, షెడ్యూళ్లలో, అనుబంధాల్లో అన్ని చోట్లా తీయండి. కంప్యూటర్లో వెతికేటప్పుడు ‘శూన్యమగును’, ‘శూన్యమై’, ‘శూన్యముగా’ అని మాట రూపం మారుతూ ఉంటుంది కదా, అందుకని ‘శూన్య’ అన్నంతవరకే కొట్టి వెతకండి. పాత అగ్రిమెంటుకు సప్లిమెంటరీ అగ్రిమెంటు రాస్తున్నప్పుడు మాత్రం పాతదాని మాటలే వాడండి. రెండూ కలిపి చదవాలి గనక, కొత్తదాన్ని ఒక్కదాన్నే శుభ్రం చేస్తే పైన చెప్పిన తేడా మళ్లీ పుడుతుంది.

మీ సీనియర్ గారు అడిగినది మంచి అలవాటు. పాత డ్రాఫ్టు ప్రింటు తీసి, కొట్టేసిన ప్రతి మాట పక్కన మార్జిన్లో ఒక్క ముక్క రాయండి. ‘సెక్షన్ 8 చాలు’, ‘సెక్షన్ 37 చాలు’, ‘6వ క్లాజులోకి మార్చాను’, ఇలా. రాయడానికి ఏమీ తోచని మాటను ఆ రోజుకు వదిలేయండి. ఆ ప్రింటు ఆఫీసు ఫైల్లో పెడితే తర్వాత వచ్చే జూనియరు మళ్లీ మొదటినుంచీ తవ్వుకోనక్కర్లేదు.

బ్యాంకు గ్యారంటీలు, ప్రభుత్వ టెండరు ఫారాలు, ఇండెమ్నిటీ బాండ్లు మాత్రం ఈ కసరత్తులోకి తేకండి. అక్కడ ఫార్మాట్ అవతలివాళ్లది. ‘ఇర్రెవకబుల్ అండ్ అన్‌కండిషనల్’లో ఒక మాట ఎందుకు పోయిందో వివరించేలోపు టెండరు గడువు అయిపోతుంది. ఆ రెండూ ఎలాగూ ఒకటి కాదు, మొదటిది వెనక్కి తీసుకోలేమని, రెండోది షరతు లేదని. ఇప్పటికే సంతకాలై రిజిస్టరైన దస్తావేజులనూ కదపొద్దు. భాష అందంగా లేదని సవరణ దస్తావేజు రాయించమంటే కక్షిదారు ఫీజు గురించి అడగడు, మన తెలివి గురించి అడుగుతాడు.